ఓపీ చీటీ మీద పాత బరువు, తేదీ కూడా ఉండాలి

సంపాదకులు గారికి నమస్కారం.

మన వైపు దవాఖానాల్లో ఓపీ చీటీ మీద బీపీ, షుగర్ పక్కనే బరువు కూడా రాస్తున్నారు. మంచిదే. కానీ అక్కడ ‘54 కేజీ’ అన్న ఒక్క అంకె మాత్రమే ఉంటుంది. ఆ అంకెను బట్టి మనిషి సన్నమా, లావా అన్నది ఎంతో కొంత తెలుస్తుంది గానీ తగ్గుతున్నాడా, నిలకడగా ఉన్నాడా అన్నది తెలియదు. డాక్టరుకు పనికొచ్చేది ఎక్కువగా ఈ రెండో సంగతే. 80 కిలోల మనిషి ఆరు నెలల్లో 70కి దిగితే చూసినవాళ్లు ‘జర మంచిగైండు’ అంటారు. ఆయన కావాలని తగ్గకపోతే అది 12.5 శాతం తరుగు, తీవ్రమైన కోవలోకి వస్తుంది. ఎముకలు తేలిన మనిషినే అనుమానించే అలవాటు వల్ల ఇలాంటివాళ్లు మన కళ్ల ముందు నుంచే దాటిపోతున్నారు.

లెక్క చిన్నదే. పాత బరువులోంచి ఇప్పటి బరువు తీసేసి, వచ్చినదాన్ని పాత బరువుతో భాగించి, వందతో గుణించాలి. తప్పు జరిగేది భాగించే దగ్గరే. చీటీ మీద కనిపించేది ఇప్పటి బరువు కాబట్టి చెయ్యి దాని మీదకే పోతుంది. 54 కిలోల మనిషి నెలలో 51.4కి వచ్చాడనుకోండి. తగ్గింది 2.6 కిలోలు. 54తో భాగిస్తే 4.8 శాతం, 51.4తో భాగిస్తే 5.1 శాతం. నెలకు ప్రమాదం గీత 5 శాతం దగ్గర ఉంది కాబట్టి ఈ పొరపాటు మనిషిని గీతకు అవతల పడేస్తుంది.

గీతలు ఎక్కడున్నాయో చెప్పుకోవాలి. 1977లో అమెరికా డాక్టరు బ్లాక్‌బర్న్ బృందం ఇచ్చిన పట్టికనే చాలాచోట్ల నేటికీ వాడుతున్నారు. వారంలో 1 నుంచి 2 శాతం, నెలలో 5 శాతం, ఆరు నెలల్లో 10 శాతం తగ్గితే పట్టించుకోవాల్సిన తరుగు; అంతకు మించితే తీవ్రం. పోషకాహార లోపాన్ని గుర్తించడానికి పలు దేశాల పోషకాహార సంఘాలు కలిసి 2019లో ఇచ్చిన గ్లిమ్ ప్రమాణాలు ఇంకా ముందుగానే మేల్కొంటాయి. ఆరు నెలల్లో 5 శాతం దాటగానే పోషకాహార లోపానికి ఒక గుర్తుగా తీసుకుని, 10 దాటితే తీవ్రం అంటాయి. అంటే 10 శాతం వచ్చేదాకా ఆగుదాం అనుకోవడం ఇప్పుడు చెల్లదు. క్యాలిక్యులేటర్ లేకపోయినా పనవుతుంది. పాత బరువులో పదో వంతు తీస్తే ఆరు నెలల గీత, అందులో సగం నెల గీత, అయిదో వంతు వారం గీత. 55 కిలోలకు అవి 5.5, 2.75, 1.1 కిలోలు.

ఇప్పుడు ఒక మనిషిని ఊహించుకుని లెక్క చేద్దాం. పరకాల వైపు రైతు, యాభై దాటినవాడు. మాఘంలో మేడారంలో నిలువెత్తు బంగారం తూగినప్పుడు 60 కిలోలు. శ్రావణంలో దవాఖానకు వచ్చాడు. నెల కింద పల్లె దవాఖానలో చూసినప్పుడు 56.4, వారం కింద 55, ఇవాళ 54. ఆరు నెలల లెక్క: 6 బై 60, సరిగ్గా 10 శాతం. నెల లెక్క: 2.4 బై 56.4, అంటే 4.3 శాతం. వారం లెక్క: 1 బై 55, అంటే 1.8 శాతం.

నెల లెక్క ఒక్కటే చూసే డాక్టరు ‘ఇంకా 5 కాలేదు’ అని పంపించే ప్రమాదం ఉంది. మూడూ పక్కపక్కన పెట్టి చూడాలి. మొదటి అయిదు నెలల్లో పోయింది 3.6 కిలోలు, నెలకు ముప్పావు కిలో కూడా లేదు. చివరి నెలలోనే 2.4 పోయింది. జారే వేగం మూడింతలు దాటింది. గీత దాటలేదన్న మాట కంటే ఈ వేగమే పెద్ద కబురు. ఈయనను ఆ రోజే కూర్చోబెట్టి తిండి ఎంత తగ్గింది, ఎన్నాళ్ల నుంచి, దగ్గు, జ్వరం, విరేచనాలు ఉన్నాయా అని అడగాలి. షుగర్, గళ్ల పరీక్షలు చేయించాలి. శాతం జబ్బు పేరు చెప్పదు, వెతకమని మాత్రం చెబుతుంది.

మూడింటిలో వారం లెక్క చాలా నాజూకు. పైన చెప్పిన మనిషినే తీసుకోండి. ఇవాళ్టి మిషన్ అర కిలో ఎక్కువ చూపిందంటే 54.5 అవుతుంది, తరుగు 0.9 శాతమే, ఏమీ లేనట్టే. అర కిలో తక్కువ చూపితే 53.5, తరుగు 2.7 శాతం, తీవ్రం. చెప్పులు, జేబులో ఫోను, తాళంచెవులు, తడిసిన పంచె, అప్పుడే తాగిన సీసాడు నీళ్లు కలిస్తే అర కిలో తేడా సులువుగా వస్తుంది. అదే అర కిలో ఆరు నెలల లెక్కను 9.2, 10.8 మధ్యనే ఊపుతుంది. గ్లిమ్ ప్రకారం చూసినా లోపానికి గుర్తు ఉందన్న మాట మారదు, ఎంత తీవ్రం అన్నదే మారుతుంది. అందుకే వారం లెక్క చేయాలంటే అదే మిషన్, అదే పూట, అవే బట్టలు ఉండాలి. పొద్దున్నే మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు తూగడం మేలు. వార్డులో పడుకున్నవాళ్లకైతే ఇది కుదురుతుంది. ఓపీలో సాధారణంగా కుదరదు, కాబట్టి అక్కడ వారం అంకెను అనుమానంగానే చూడాలి.

ఎండాకాలంలో ఇంకో చిక్కు. లీటరు నీళ్లు కిలో బరువు. 50 కిలోల మనిషికి 2 శాతం అంటే ఆ ఒక్క కిలోనే. మిర్చి ఏరే కూలీలు, ఏనుమాముల మార్కెట్‌లో బస్తాలు మోసే హమాలీలు పూటలో ఆ మాత్రం చెమట పోగొట్టుకుంటారు. రెండు రోజుల విరేచనాలు కూడా అంతే చేస్తాయి. నోరు ఎండడం, మూత్రం పచ్చగా కొద్దిగా రావడం ఉంటే ముందు నీళ్లు, ఓఆర్ఎస్ పట్టించి, ఒకట్రెండు రోజులాగి మళ్లీ తూగాలి. తిరిగొచ్చిన బరువు నీళ్లది, రానిది కండ, కొవ్వులది.

నీళ్లు రెండో వైపు కూడా మోసం చేస్తాయి, అది మరీ ప్రమాదం. మన రైతుకు కాళ్ల వాపు ఉందనుకోండి. చీలమండ పైన ఎముక మీద బొటనవేలితో కొన్ని క్షణాలు నొక్కి పట్టి వదిలితే గుంట పడి అలాగే నిలిచింది. ఒంట్లో రెండు లీటర్ల నీరు చేరిందనుకుంటే ఆయన అసలు బరువు 54 కాదు, 52. తరుగు 10 కాదు, 13.3 శాతం. నీరు ఎంతుందో కచ్చితంగా తేల్చలేం కాబట్టి కొత్త శాతం రాయడం కంటే ‘వాపు ఉంది, తరుగు ఇంతకంటే ఎక్కువ’ అని పక్కన రాయడమే నిజాయితీ. లివర్, కిడ్నీ, గుండె జబ్బుల వాళ్లలో మిషన్ మీద బరువు కదలకుండానే కండ కరిగిపోతుంటుంది. నీరు దిగే మాత్రలు మొదలుపెట్టాక వారంలో 3 కిలోలు తగ్గితే అది మందు పని చేసిన గుర్తు. డయాలసిస్ వాళ్లకైతే డయాలసిస్ అయ్యాక ఉండే పొడి బరువును పాత పొడి బరువుతోనే పోల్చాలి. పెరుగుదల కూడా ఇలాంటిదే: గుండె నీరసించిన మనిషి మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే అది ఒళ్లు చేయడం కాదు, నీరు పట్టడం.

ఆరు నెలల లెక్కలో మిషన్ బాధ తక్కువ, జ్ఞాపకం బాధ ఎక్కువ. ‘అరవై ఉంటుంటి’ అంటారు. ఎప్పుడంటే పెండ్లప్పుడు కావచ్చు. మాట కంటే కాగితం నయం. షుగర్, బీపీ పుస్తకం, పాత డిశ్చార్జి కాగితం, రక్తదానం కార్డు, టీబీ మందులు వాడినవాళ్లకైతే నెల నెలా బరువు రాసిన ట్రీట్‌మెంట్ కార్డు, ఇవి ఇంట్లో ఏ సంచిలోనో ఉంటాయి. జాతర తూకం తేదీ మరిచిపోలేనిది గనుక అదీ పనికొస్తుంది, చంకలో పిల్లను ఎత్తుకుని తూగలేదు కదా అని అడిగి మరీ రాసుకోవాలి. దొరికిన కాగితం నాలుగు నెలల నాటిదైతే ‘నాలుగు నెలల్లో ఇంత శాతం’ అనే రాయండి. దాన్ని సాగదీసి ఆరు నెలలకు లెక్కగట్టకండి. ఒక నెల శాతాన్ని ఆరుతో గుణించడమూ తప్పే, మనిషి తరిగేది సమానంగా కాదు.

ఇదంతా అనుకోకుండా తగ్గినవాళ్ల సంగతి. అన్నం మానేసి జొన్నరొట్టె పట్టి, నడిచి తగ్గినవాళ్లకు ఈ గీతలు అదే అర్థంలో వర్తించవు. అయితే షుగర్ ఉన్నవాళ్లు ‘నేనే తగ్గించుకుంటున్నా’ అన్నా ఒక మాట అదనంగా అడగాలి, షుగర్ అదుపు తప్పినా ఒళ్లు తరుగుతుంది, వాళ్లు వాడే కొన్ని మందుల వల్లా తగ్గుతుంది. గర్భిణులకు, పిల్లలకు ఈ పట్టికే పనికిరాదు. వాళ్ల లెక్కలు వేరు.

వైద్యారోగ్య శాఖ వారిని కోరేది పెద్దదేమీ కాదు. ఓపీ చీటీలో బరువు గడి పక్కన ‘పాత బరువు, తేదీ’, ‘శాతం’, ‘వాపు ఉందా’, ‘కావాలని తగ్గారా’ అన్న నాలుగు ఖాళీలు అచ్చు వేయించండి. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు నుంచి వరంగల్‌కు పెద్ద దవాఖానకు పంపే రోగి చీటీ మీద కింది దవాఖాన బరువు, తేదీ తప్పనిసరిగా ఉండాలి. బరువు మిషన్‌ను మెత్తటి మ్యాట్ మీద, ఎగుడుదిగుడు గచ్చు మీద పెట్టొద్దు. ఖాళీగా సున్నా చూపుతుందా అని పొద్దున్నే చూసి, ముద్ర ఉన్న 20 కిలోల రాయి పెట్టి నెలకోసారి సరిచూడాలి. మందుల షాపుల్లో, బస్టాండుల్లో నాణెం వేసి తూగే మిషన్ల బరువును దవాఖాన బరువుతో పోల్చవద్దని రోగులకూ చెప్పాలి. కొత్త చీటీలు అచ్చయ్యేదాకా నర్సమ్మలు ఇప్పుడున్న చీటీ అంచునే ‘మాఘం 60, ఇవాళ 54, 10 శాతం, వాపు లేదు’ అని ఒక్క వరుస రాస్తే లోపల కూర్చున్న డాక్టరుకు చాలు.

– పోషకాహార నిపుణురాలు, హనుమకొండ