మోటారు మోడల్ ఆపేసినట్టు చెప్పే పద్ధతి ఇదేనా?

సంపాదకుడికి,

పోయిన వారం మీ జిల్లా పేజీలో బోరు మోటార్ల వార్త చూశాం. పరకాల, నర్సంపేట దుకాణాల్లో అయిదు హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ అడిగితే లేదంటున్నారట, రేటు పెంచుకోవడానికి లోపల దాచారట. దాచాలంటే ముందు సరుకుండాలి కదా! కంపెనీ ఆ పది స్టేజీల మోడల్‌నే బంద్ చేసింది. మీ విలేకరి దుకాణాల షట్టర్లకు బదులు డిస్ట్రిబ్యూటర్లకొచ్చిన నోటీసు చూసి ఉంటే వార్త ఇంకోలా ఉండేది.

ఆ నోటీసు మార్చి 12న వాట్సాప్‌లో వచ్చింది. ఇంగ్లిషులో నాలుగు వాక్యాలు. మోడల్ నిలిపివేస్తున్నాం, ఆఖరి ఆర్డరు మార్చి 20, సరుకు ఉన్నంతవరకే, దాని స్థానంలో ఇదిగో సరికొత్త అయిదు హెచ్‌పీ మోడల్. కింద డబ్బు ముందే కట్టాలనీ, ఆర్డరు రద్దు చేసుకోవడం, సరుకు వాపసు ఇవ్వడం కుదరదనీ చిన్న అక్షరాల్లో ఉంది. పైన మాత్రం రంగుల బొమ్మ, శుభాకాంక్షలు!

ఎనిమిది రోజులు గడువు ఉంది కదా అనిపిస్తుంది. ఆ గడువు డిస్ట్రిబ్యూటరుది. ఆయన తన కింది దుకాణాలకు చెప్పాలి, వాళ్లు ఉన్న స్టాకు లెక్క చూసుకుని ఎన్ని కావాలో తిరిగి చెప్పాలి, డబ్బు పంపాలి, అన్నీ కలిపి ఆయన ఒక్క ఆర్డరు పెట్టాలి. మధ్యలో ఒక ఆదివారం పోతే వర్ధన్నపేట దుకాణదారుడికి మిగిలేది రెండు మూడు రోజులు. పైగా మార్చి నెల. యాసంగి వరి పొట్ట మీద ఉంటుంది, బోర్లలో నీళ్లు కిందికి పోతుంటాయి, మోటార్లు ఎక్కువగా కాలేది అప్పుడే. కంపెనీకి మార్చి 31 అంటే లెక్కల ఖాతా మూసే రోజు. రైతుకు అది నీళ్ల కోసం కొట్లాడే రోజు. అక్టోబరులోనే ఈ మాట చెప్పి ఉంటే ఎవరికి నష్టం?

ఆఖరి ఆర్డరు ఎంత పెట్టాలన్నది ఊరికే చెప్పే అంకె కాదు. ఒక డిస్ట్రిబ్యూటరు సీజను అయ్యేలోపు 60 సెట్లు అమ్ముతాడనుకుందాం. గడిచిన ఏడాది అమ్మిన 200 సెట్లు ఇంకా వారంటీలోనే ఉంటాయి. వాటిలో నూటికి మూడు వాపసొచ్చినా ఆరు సెట్లు విడిగా పక్కన పెట్టాలి. చేతిలో ఉన్నవి 18 తీసేస్తే 48 సెట్లకు ఆర్డరు పెట్టాలి. డబ్బంతా ముందే కట్టాలంటే ఎవరైనా 20తోనే సరిపెడతారు. ఆ 20 కూడా “సరుకు ఉన్నంతవరకే” కాబట్టి, ఆర్డరు ఒప్పుకున్నట్టు కంపెనీ నుంచి కాగితం వచ్చేదాకా నమ్మకం లేదు. ఆర్డరు పెట్టే ఆఖరి తేదీ, సరుకు పంపే ఆఖరి తేదీ, స్పేర్లు దొరికే ఆఖరి తేదీ అని మూడు వేరువేరుగా ఉంటాయి. నోటీసులో ఒక్కటే రాసి మిగతా రెండూ మింగేశారు.

ఇక ఆ కొత్త మోడల్ సంగతి. “అదే అయిదు హెచ్‌పీ, మరింత మెరుగైనది” అన్నారు. హెచ్‌పీ ఒక్కటైతే మోటారు ఒక్కటైపోదు. పాతదానికి పది స్టేజీలు, కొత్తదానికి ఆరు. స్టేజీలు తగ్గితే నీటిని ఎత్తే బలం తగ్గుతుంది. ఆ శక్తిని తక్కువ ఎత్తుకు ఎక్కువ నీళ్లు పోయడానికి మళ్లించారు. కంపెనీ కేటలాగులోనే చూడండి. 45 మీటర్ల హెడ్ దగ్గర, అంటే నీళ్లను అంత ఎత్తుకు ఎత్తేటప్పుడు, పాతది నిమిషానికి 300 లీటర్లు ఇస్తే కొత్తది 120 ఇస్తుంది.

మన లెక్కలో 45 మీటర్లంటే 148 అడుగులు. మోటారు నడుస్తుండగా నీళ్లు 140 అడుగుల దగ్గర నిలబడి, పైపులో రాపిడికీ గట్టుమీదికి ఎక్కడానికీ ఇంకో ఎనిమిది అడుగులు పోతే సరిగ్గా అంతే. ఎకరానికి రెండు అంగుళాల నీళ్లు పెట్టాలంటే రెండు లక్షల లీటర్ల పైచిలుకు కావాలి. పాత మోటారు పదకొండున్నర గంటల్లో పోస్తుంది. కొత్తదానికి ఇరవై ఎనిమిదిన్నర గంటలు పడుతుంది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు అన్నారు, ఈ మోటారు కోసం ఇంకో నాలుగున్నర గంటలు కలపమని అడగాలేమో! వానాకాలంలో నీళ్లు పైకొచ్చాక మాత్రం ఇది దండిగా పోస్తుంది, చెరువులు మత్తడి పోస్తున్నప్పుడు.

రైతు ఇవన్నీ చూడడు. మెకానిక్ దించి స్విచ్ వేస్తే మోటారు మంచిగనే తిరుగుతుంది, నీళ్లే సన్నగా వస్తాయి. బోరు ఎండిందనుకుంటారు, కొత్త బోరుకు అప్పు చేస్తారు. ఒక పరీక్ష ఉంది. మోటారును గంటసేపు ఆపి మళ్లీ వేయాలి. బోరులో నీళ్లే తక్కువైతే మొదట జోరుగా పోసి తర్వాత ధార తెగుతూ, గాలి కక్కుతూ వస్తుంది. తేడా మోటారుదైతే ధార తెగదు, కాస్త తగ్గి ఆ సన్నధార అలాగే గంటల తరబడి నడుస్తుంది. ఈ తేడా తెలియక ఎన్ని బోర్లు వేశారో ఎవరు లెక్కపెట్టారు?

నిజానికి సమాచారం లేక కాదు. సబ్‌మెర్సిబుల్ పంపుసెట్ల ప్రమాణం ఐఎస్ 8034 ప్రకారం నేమ్‌ప్లేట్ మీద హెడ్, డిశ్చార్జి ఉండాల్సిందే. పాత మోడల్ నంబరు ఎదురుగా కొత్త నంబరు వేసి, మూడు నాలుగు హెడ్‌ల దగ్గర నీళ్లెన్ని, ఆంపియర్లెన్ని, డెలివరీ సైజు ఎంత, లావు ఎంత అని ఒక పట్టిక ఇస్తే అరపేజీ. లోతు బోర్లకు ఈ మోడల్ పనికిరాదు, పైదాన్ని తీసుకోండి అని ఒక్క వాక్యం రాయొచ్చు. అది రాస్తే పైదాని ధర కూడా రాయాల్సి వస్తుందని కాబోలు, రాయలేదు.

స్పేర్ల గురించైతే ఒక్క ముక్క లేదు. వైండింగ్ కాలితే వరంగల్‌లో ఏ సందులోనైనా తీగ చుట్టించుకోవచ్చు. ఇంపెల్లర్లు, బౌళ్లు అలా కాదు. అవి నోరిల్ ప్లాస్టిక్‌తో కంపెనీ అచ్చుల్లో పోసినవి. కొత్త మోడల్‌వి పాతదాంట్లో కూర్చోవు. ఇసుక వచ్చే బోర్లలో అరిగేవి ముందు అవే. ఇంపెల్లర్ల సెట్టు దొరక్క మొత్తం పంపు పారేయాలంటే, నిరుడు కొన్నవాడు ఏమనుకోవాలి? 2022 డిసెంబరులో కేంద్రం మరమ్మతు హక్కు పేరుతో పోర్టల్ తెరిచింది. అందులో చేర్చిన నాలుగు రంగాల్లో వ్యవసాయ పరికరాలు ఒకటి. పోర్టల్ ఉంది, ఈ మోటారు ఇంపెల్లర్ లేదు. తనిఖీకి వచ్చే సార్లు డబ్బా మీద ఐఎస్ఐ గుర్తు వేలితో తడిమి, చాయ్ తాగి పోతారు. ఈ మోడల్‌కు స్పేర్లు ఎన్నేళ్లు ఇస్తారని కంపెనీని అడిగిన అధికారి మాత్రం ఇప్పటిదాకా తగల్లేదు. ఒకప్పుడు ఏజెంటు దుకాణానికొచ్చి, స్పేర్ల జాబితా చేతిలో పెట్టి, తెలుగులో చెప్పి పోయేవాడు. ఇప్పుడు ఫార్వర్డ్ చేసిన పీడీఎఫ్ చాలట.

మీ వార్తకు సవరణ వేస్తారో లేదో మీ ఇష్టం. వేస్తే మాత్రం ఆ నోటీసును తెలుగులో పూర్తిగా అచ్చు వేయండి, ఆ చిన్న అక్షరాలను పెద్దవి చేసి.

ఇట్లు,
పంపుసెట్ల వ్యాపారి,
వరంగల్