రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కు బహిరంగ లేఖ

ఒడిశా రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ అధ్యక్షులవారికి,

గత నెల గజపతి జిల్లా సరిహద్దు గ్రామంలో పొలం నుంచి వస్తున్న మా చిన్నాన్నను రక్తపింజరి కాటేయగా, రాత్రి 8:40కి ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాము. (ఆసుపత్రి పేరు, తేదీ విడిగా పంపిన ఫిర్యాదులో ఉన్నాయి.) కాలు వాచి, చిగుళ్ల నుంచి రక్తం కారుతున్నా, విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వడం లేదేమో చూసే 20 నిమిషాల పరీక్ష 11 గంటల వరకు జరగలేదు. దానికి పొడి గాజు గొట్టం, 2 మిల్లీలీటర్ల రక్తం చాలు. గొట్టం వంచినప్పుడు రక్తం నీళ్లలా జారడం నేను చూశాను. విషవిరుగుడు మందు 11:50కి మొదలైంది. స్టోర్ తాళం ఎవరి దగ్గరుందో తెలియలేదన్నారు.

తర్వాత ఆయన కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఆలస్యమే కారణమని నేను అనను, అది వైద్యులు తేల్చవలసిన విషయం. అయితే ప్రభుత్వ ఆసుపత్రి సకాలంలో చికిత్స అందించకపోవడం 21వ అధికరణ ఉల్లంఘనేనని సుప్రీంకోర్టు 1996లో పశ్చిమ బెంగాల్ కేసులో చెప్పింది.

కనుక క్యాజువాలిటీ రిజిస్టరు, మందుల స్టాకు రిజిస్టరు, ఆ రాత్రి డ్యూటీ జాబితా తెప్పించి పరిశీలించాలనీ, ఒడియాలో ఉన్న కేసు షీటు నకలు మాకు ఇప్పించాలనీ కోరుతున్నాను.

భవదీయుడు,
రోగి అన్న కుమారుడు