ఆ మెసేజ్ మా షాపు నుంచే వచ్చింది

“బ్లౌజు రెడీ అని పొద్దున మెసేజ్ వచ్చింది. కానీ మీ బోర్డు మీదున్న నంబరు కాదు. పంపింది మీరేనా, ఎవరైనా మోసగాళ్లా?”

నేనే పంపాను. అది నా ఇంటి నంబరు, షాపు ఫోన్‌లోనే రెండో సిమ్‌గా ఉంటుంది. డబ్బు పంపమనో, లింకు నొక్కమనో ఏ నంబరు నుంచీ మేం మెసేజ్ పెట్టం.

కుట్టు పని అయ్యేసరికి రాత్రి బాగా పొద్దుపోతుంది. ఆ వేళప్పుడు మిమ్మల్ని ఇబ్బంది పెట్టకుండా, పొద్దున 9 గంటలకు వెళ్లేలా మెసేజ్ పెట్టి ఉంచుతాను. ఈమధ్య ఫోన్ స్క్రీన్ పగిలితే రిపేరుకి ఇచ్చాం. “సెట్టింగుల జోలికి వెళ్లం” అని మాటిచ్చినవాళ్లు ఫోన్ మొత్తం రీసెట్ చేసి, ఆ సంగతి చెప్పకుండానే చేతిలో పెట్టారు. నిలదీస్తే “రెండు సిమ్‌లూ పనిచేస్తున్నాయిగా” అన్నారు. కొలత తప్పకుండా కుట్టి సంపాదించుకున్న పేరు మాది. మా మెసేజ్ చూసి మీరు మోసమేమోనని భయపడాల్సి వచ్చిందంటే చాలా బాధేసింది.

ఫోన్‌లో కాల్స్‌కి, డేటాకి, ఎస్సెమ్మెస్‌కి సిమ్‌ని విడివిడిగా ఎంచుకోవాలి. మా కాల్స్ షాపు సిమ్ నుంచే వెళ్తున్నాయి, అందుకే తేడా పైకి కనిపించలేదు. ఎస్సెమ్మెస్ మాత్రం ఇంటి సిమ్‌కి మారిపోయింది. అది సరిచేశాక కూడా ఒక కస్టమర్‌కి మళ్లీ ఇంటి నంబరు నుంచే వెళ్లింది. ఆవిడ ఒకసారి ఆ నంబరుకి మెసేజ్ పెట్టారు, ఆ సంభాషణ ఆ సిమ్‌నే పట్టుకుని ఉంది.

అందుకని ఇప్పుడు ప్రతి మెసేజ్‌కీ, టైపు చేసే గడి దగ్గరుండే చిన్న సిమ్ గుర్తును నొక్కి ముందు షాపు సిమ్ ఎంచుకుంటున్నాను. ఆ తర్వాతే పంపే బాణాన్ని నొక్కి పట్టుకుని టైము పెడుతున్నాను. రీసెట్ తర్వాత టైము పెట్టి ఉంచినవాటిని సెట్టింగు మార్చినంత మాత్రాన నమ్మలేదు. గడియారం గుర్తు నొక్కి ఒక్కొక్కటీ తీసేసి, మళ్లీ రాశాను. ముందుగా మా ఇంట్లో వాళ్ల ఫోన్‌కి ఒకటి పెట్టి, ఏ నంబరు నుంచి వచ్చిందో చూసుకున్నాను. సిమ్‌లకు కూడా కంపెనీ పేర్లు తీసేసి ‘షాపు’, ‘ఇల్లు’ అని పెట్టాను.

ఇంటి సిమ్ తీసేయాలా వద్దా అని చాలా టెన్షన్ పడ్డాను. పిల్లలు తీసేయమనే అన్నారు. బ్యాంకు ఓటీపీలు దానికే వస్తాయి, వేరే ఫోన్‌లో వేస్తే ఓటీపీ వచ్చినప్పుడల్లా మిషన్ ఆపి వెతుక్కోవాలి. ఎవరో చేసిన పనికి నా నంబరు నేనెందుకు తీసేయాలి? తీయను. రెండూ ఈ ఫోన్‌లోనే ఉంటాయి, మీకు మెసేజ్ మాత్రం బోర్డు మీద నంబరు నుంచే వస్తుంది.

9 గంటలకు మా ఫోన్ ఆగిపోయి ఉన్నా, సిగ్నల్ లేకపోయినా మెసేజ్ ఆలస్యం కావచ్చు. బట్టలు ఇస్తామన్న రోజు 10 దాటినా రాకపోతే బోర్డు మీద నంబరుకి ఫోన్ చేయండి.