సభ్యత్వ సాఫ్ట్‌వేర్ నిర్మాణం: జమా ఖర్చుల వివరణ

సభ్యుల వివరాలు, చందా లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ కోసం వసూలైన సొమ్మంతా ఖర్చు చేసేశారా అని కొందరు సభ్యులు అడిగారు. చేయలేదు. వసూలైన మొత్తాన్ని 100 పాళ్లు అనుకుంటే 97 ఖర్చయ్యాయి, 3 నిల్వ ఉన్నాయి. అయితే ఖర్చయిన తీరు మొదట ఆమోదించిన బడ్జెట్‌లా లేదు కాబట్టి ఈ వివరణ ఇస్తున్నాం.

మొదటి బడ్జెట్‌లో జట్టు జీతాలకు 64, క్లౌడ్‌కు, అంటే ఇంటర్నెట్ ద్వారా అద్దెకు తీసుకునే సర్వర్లకు 9, లైసెన్సులకు 7 పాళ్లు పెట్టి, మార్పుల కోసం 20 పాళ్ల బఫర్ విడిగా ఉంచాం. మొత్తం పనిని జట్టు 240 పాయింట్లుగా లెక్కకట్టింది. స్ప్రింట్ అంటే రెండు వారాల పని విడత. స్ప్రింట్‌కు 30 పాయింట్ల చొప్పున 8 స్ప్రింట్లు, స్ప్రింట్‌కు జీతాల ఖర్చు 8 పాళ్లు. ఈ 30 అన్నది అదే జట్టు వేరే ప్రాజెక్టులో సాధించిన వేగం. పాయింటు గంటల లెక్క కాదు, ఒక పనితో మరో పనిని పోల్చి వేసే అంచనా. అందుకే ఒక ప్రాజెక్టు వేగం మరోచోట అలాగే వస్తుందనే భరోసా ఉండదు.

మూడు స్ప్రింట్లు ముగిసేసరికి విషయం తేలింది. జట్టు పద్దులో 24 పాళ్లు, అంటే మూడో వంతు కంటే ఎక్కువే, ఖర్చయింది. పరీక్షలు కూడా పూర్తయిన పని మాత్రం 72 పాయింట్లే. ‘దాదాపు అయిపోయింది’ అన్న పనికి మేం ఒక్క పాయింటూ ఇవ్వలేదు. ఇస్తే లెక్క చూడముచ్చటగానే ఉండేది! స్ప్రింట్‌కు సగటు 24 పాయింట్లు. ఆ వేగంతో 240 పాయింట్లకు 10 స్ప్రింట్లు పడతాయి.

బఫర్ ఉంచింది కొత్త కోరికల కోసం. వేగం తగ్గిన లోటును దానితోనే పూడిస్తే తర్వాత అడిగే మార్పులకు ఏమీ మిగలదు. అందుకే గ్రాఫులతో కూడిన నివేదికలను, అంటే 24 పాయింట్ల పనిని పక్కన పెట్టి, అదనపు భారాన్ని ఒక్క స్ప్రింట్‌కు కుదించాం. ఆ తర్వాత సర్వసభ్య సమావేశం చందాను వాయిదాల్లో కట్టే వీలు కోరింది. అదీ 24 పాయింట్లే. మొత్తం 10 స్ప్రింట్లయ్యాయి, జట్టు ఖర్చు 80 పాళ్లకు చేరింది. బఫర్ నుంచి వెళ్లిన 16 పాళ్లలో 8 వేగం లోటుకు, 8 సమావేశం కోరిన మార్పుకు. ఈ రెంటినీ పద్దులో కలపకుండా విడివిడిగా రాశాం.

క్లౌడ్ ఖర్చు 9కి బదులు 11 అయింది. పరీక్షల సర్వర్ రాత్రీ పగలూ నడుస్తూ ఉండటమే ప్రధాన కారణం. వారానికి 168 గంటలుంటే దానితో పని 50 గంటలే. పని వేళలు దాటితే దానంతట అది ఆగేలా చేశాక బిల్లు తగ్గింది, కానీ మూడో వంతుకు దిగలేదు. సర్వర్ ఆగినా డిస్కులో ఉన్న సమాచారానికి అద్దె నడుస్తూనే ఉంటుంది. లైసెన్సులు మనిషికొకటి చొప్పున కొనేవి. వాడనివి రద్దు చేయడంతో 7లో 1 మిగిలింది.

నిల్వ ఉన్న 3 పాళ్లను ఇకపై వచ్చే క్లౌడ్ బిల్లులకే వాడతాం. లైసెన్సుల వార్షిక పునరుద్ధరణ ఈ వసూళ్లలో లేదు. ఆ మొత్తాన్ని వచ్చే సమావేశంలో వేరే పద్దుగా పెడతాం. బిల్లులు, స్ప్రింట్ల వారీ లెక్కలు కోశాధికారి దగ్గర ఉన్నాయి. ఏ సభ్యులైనా చూడవచ్చు.