అరబిక్ రివ్యూలు: స్టార్లు, వెటకారం చూసుకోండి

తిరుపతి టీమ్ అందరికీ, కువైట్ వాళ్ల కోసం మనం అరబిక్‌లోకి మార్చే తెలుగు రివ్యూల్లో ఈ మిక్సీ రివ్యూ ఒక్కసారి చూడండి. ఒకే స్టార్, కింద "ఆహా, ఏం మిక్సీ అండీ, రెండో చట్నీకే పొగ పెట్టింది" అని ఉంది. మొదటి ముక్కని పుస్తకాల అరబిక్‌లో 'ముమ్తాజ్', అంటే అద్భుతం, అని పెడితే కువైట్‌లో చదివేవాళ్లు నిజంగానే మెచ్చుకున్నారనుకుంటారు. అక్కడి వాడుకలో 'మాషా అల్లాహ్, వాయిద్ జైన్', అంటే ఆహా, చాలా బాగుంది, అని మొదలుపెట్టి, ఆగకుండా పొగ సంగతి చెబితే ఆ వెటకారం అలాగే నిలుస్తుంది, స్టార్ కూడా దాన్నే చెబుతుంది.

అరబిక్ కుడి నుంచి ఎడమకి కాబట్టి నిండిన స్టార్లు కుడివైపు నుంచి రావాలి, మూడున్నర ఉంటే ఆ సగం స్టార్‌లో కుడి సగమే నిండాలి. అలాగని స్క్రీన్‌షాట్ మొత్తాన్ని అద్దంలోలా తిప్పేయకండి, ఫొటోలో మిక్సీ మీద పేరు తిరగబడుతుంది. స్టార్ల వరస ఒక్కటే మార్చి, పక్కన అంకె కూడా వేయండి.