ప్రోనోటుకు మూడేళ్లే, సర్టిఫికెట్‌కు ఎన్నాళ్లో?

సంపాదకుల వారికి,

మీ పత్రిక న్యాయసలహా శీర్షికలో పోయిన వారం ఒకావిడ అడిగిన ప్రశ్నకు జవాబు చదివాను. భర్త అప్పులిచ్చి చనిపోయాడు, ఇప్పుడెలా వసూలు చేసుకోవాలని ఆవిడ అడిగితే, ‘ముందు వారసత్వ ధ్రువీకరణ పత్రం తెచ్చుకోండి, ఆ తర్వాత దావా వేయండి’ అని రెండు ముక్కల్లో తేల్చేశారు. ఇలాంటి సలహానే నమ్మి మా చెల్లెలు మునిగింది. అందుకే రాస్తున్నాను.

మా బావగారు 2022 ఏప్రిల్ 10న ఒక వ్యాపారికి మూడు లక్షలిచ్చి, రెండు రూపాయల వడ్డీకి ప్రోనోటు రాయించుకున్నారు. 2024 డిసెంబరులో గుండెపోటుతో పోయారు. నోటు రాసిన రోజు నుంచి మూడేళ్లలోపు దావా పడాలి, అంటే 2025 ఏప్రిల్ 10 ఆఖరు. మనిషి పోయాడు కదా అని కాలపరిమితి చట్టం దినకర్మల కోసం ఆగదు. ఒకసారి గడువు నడవడం మొదలయ్యాక చావైనా జబ్బైనా దాన్ని ఆపలేవు.

ముందుగా తాసీల్దారు కార్యాలయం. కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ కోసం తిప్పి తిప్పి ఫిబ్రవరిలో చేతిలో పెట్టారు. పింఛనుకో, ఇంకో ఆఫీసు పనికో అది పనికొస్తుంది గానీ, దాన్ని చూసి కోర్టు బాకీదారు మీద డిక్రీ ఇవ్వదు. ఆ సంగతి చెప్పడానికి కౌంటర్‌లో ఒక్కరికీ నోరు రాలేదు. తర్వాత వకీలు గారు మీ శీర్షికలో చెప్పిన మాటే చెప్పారు. మార్చిలో ఆ వారసత్వ పత్రానికే, అంటే సక్సెషన్ సర్టిఫికెట్‌కు, కోర్టులో పిటిషన్ వేశారు. అత్తగారికి, పిల్లలకు నోటీసులు, అభ్యంతరాలుంటే చెప్పమని పత్రికా ప్రకటన (భూతద్దం పెట్టినా కనపడని అక్షరాల్లో, అందుకు వసూలు చేసిన డబ్బు మాత్రం బాగానే కనపడింది), బాకీ మొత్తాన్నిబట్టి కోర్టు ఫీజు, ఆపైన వాయిదాలు. సర్టిఫికెట్ చేతికొచ్చేసరికి సెప్టెంబరు. అప్పటికి నోటు చచ్చి అయిదు నెలలు.

అసలు చట్టంలో ఏముందో చూడండి. 1925 నాటి భారత వారసత్వ చట్టం 214వ సెక్షన్, చనిపోయిన వ్యక్తి బాకీదారు మీద వారసులకు సర్టిఫికెట్ లేకుండా ‘డిక్రీ ఇవ్వకూడదు’ అంటుంది. దావా వేయకూడదని ఎక్కడా అనలేదు. వారసులు గడువులోపు దావా పడేసి, పక్కనే సర్టిఫికెట్ పిటిషన్ నడుపుకుని, తీర్పు నాటికి దాన్ని దాఖలు చేస్తే చాలు. సర్టిఫికెట్ కోసం తిరిగిన రోజుల్ని కాలపరిమితి లెక్కలోంచి తీసేసే వెసులుబాటు లేదు కాబట్టి ముందు పడాల్సింది దావాయే. (కౌలు బాకీకైతే ఈ సర్టిఫికెట్ గొడవే లేదు, సాగుభూమి కౌలును ఆ సెక్షనే మినహాయించింది. మా డెల్టాలో ఎంతమంది కౌలు బాకీకి కూడా దీనికోసం తిరుగుతున్నారో!)

ఇంకో దెబ్బ ఉంది. నోటు వెనక 2024 మార్చిలో ‘రూ. 20,000 ముట్టినవి’ అని చెల్లు రాసి ఉంది. అది నిలిస్తే అక్కడి నుంచి మళ్లీ మూడేళ్లు, 2027 మార్చి దాకా దావా వేసుకోవచ్చు. కానీ ఆ అక్షరాలు మా బావగారివి, కింద వ్యాపారి సంతకం లేదు. డబ్బు కట్టినవాడి చేతిరాతలోనో, అతని సంతకంతోనో ఉంటేనే చెల్లు గడువును పొడిగిస్తుంది. స్నేహితుణ్ణి సంతకం అడగడం బాగుండదని ఊరుకున్నారట. ఆ స్నేహితుడిప్పుడు ‘ఆయన బతికుండగానే మొత్తం ఇచ్చేశాను, నోటు వెనక్కి తీసుకోవడమే మర్చిపోయా’ అంటున్నాడు.

బాకీదారులందరూ దొంగలని నేననను. సర్టిఫికెట్ అడగడంలో న్యాయం ఉంది. భార్యకు కట్టేశాక తల్లో, పెళ్లైన కూతురో వచ్చి మా వాటా ఏదంటే? హిందూ కుటుంబంలో వాళ్లూ మొదటి తరగతి వారసులే. సర్టిఫికెట్ ఉన్నవాళ్లకు నమ్మకంతో కడితే బాకీదారు బాధ్యత తీరిపోతుంది, తర్వాత ఎవరొచ్చినా పంచాయితీ వారసుల మధ్యే. ఆ రక్షణ బాకీదారుకు ఇచ్చిందే గానీ, వాయిదాల మీద వాయిదాలతో అప్పు ఎగ్గొట్టడానికి ఇచ్చింది కాదు. పిటిషన్‌కు ఎవరూ అభ్యంతరం చెప్పనప్పుడు కూడా ఇన్ని నెలలెందుకో అడిగితే ‘సార్ సెలవులో ఉన్నారు’, ‘స్టాఫ్ లేరు’. మా కాలంలో గుమస్తాలు లంచం తిన్నా దారైనా చెప్పేవారు. ఇప్పుడు మీసేవలో రసీదిచ్చి పంపేస్తున్నారు.

మీరు చేయగలిగింది ఒకటుంది. ఆ ప్రశ్న అడిగినావిడ తన నోటు తేదీ రాయలేదు, మీ సలహాదారూ అడగలేదు. గడువు ఇంకా మిగిలి ఉందేమో. వచ్చే వారం అదే శీర్షికలో, అంతే పెద్ద అక్షరాల్లో, ముందు దావా వేసి సర్టిఫికెట్ పిటిషన్ పక్కన నడుపుకోమని ఆవిడకు చెప్పండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
తెనాలి