బిడ్డ జార్ వేరే పెట్టు

అరేయ్, మంచిగున్నవా?

నీ ఉత్తరం చదివిన. బిడ్డకు పల్లీలు పడవని డాక్టర్ పరీక్ష చేసి చెప్పిండు, అమ్మానాయినలకేమో పల్లీల చట్నీ లేకుంటె ఇడ్లీ దిగదు, ఒక్క వంటింట్ల రెండూ ఎట్ల నడుస్తయని అడిగినవు. ఇంట్ల పల్లీలే బంద్ చేస్తే అన్నిటికన్న సులువు, ముందు అదే అడిగి చూడు. పెద్దోళ్లు ఒప్పుకోకుంటె, మిక్సీ జార్ కాడినుంచి మొదలుపెట్టు. బిడ్డకు ఎవ్వరూ తెలిసి పల్లీలు పెట్టరు. జార్ల నుంచి, గంటె నుంచి తగుల్తది.

ఇప్పుడే మీ చట్నీ జార్ మూత తిప్పి, లోపలి రబ్బరు వాషర్‌ను చెంచా కాడతోని పీకి చూడు. ఆ గాడిల జిగట పట్టి ఉంటది. బ్లేడు కింద గూడ అంతే, అక్కడికి పీచు పోదు, వేలు పోదు. నీళ్లు పోసి రెండుసార్లు తిప్పినంత మాత్రాన అది పోదు. అలర్జీ తెచ్చేది పల్లీల ఉన్న ప్రోటీన్. వేడికి అది పనిచేయకుంట పోదు, వేయించిన పల్లీల ఇంకింత గట్టిగ ఉంటది. అందుకే జార్‌ను వేడినీళ్లల్ల ఉడకబెట్టినా నమ్మొద్దు. వాసన రాకుంటె శుభ్రమైనట్టు కాదు.

మీ మిక్సీ కంపెనీదే ఇంకో చిన్న జార్ మూతతోని సహా కొను. జార్‌కు, మూతకు రెంటికీ ఒకే రంగు టేపు చుట్టు. మూతలు మారిపోతె జార్ వేరే ఉండి లాభం లేదు. దాంతోపాటు ఒక పోపు గంటె, ఒక చెక్క గరిటె, బోళ్లు తోమే పీచు ఒకటి బిడ్డకు వేరే ఉండాలె. పీచును చాలమంది మర్చిపోతరు. పల్లీ జార్ తోమిన పీచుతోని బిడ్డ పళ్లెం తోమితె, ఆ జిడ్డే పళ్లెంకు అంటుతది. నున్నటి స్టీలు గిన్నెలు వేరే అక్కర్లేదు, సబ్బుతోని తోమి, పారే నీళ్లల్ల కడిగితె సరిపోతది.

ఇగ ఇడ్లీ రోజు ఎట్ల చేయాలెనో చూడు. ముందు బిడ్డది. అరకప్పు పుట్నాలు, ఒక పచ్చిమిర్చి, రెండు ఎల్లిపాయ రెబ్బలు, ఇంత చింతపండు, ఉప్పు ఆమె జార్ల పట్టి, పోపు వేసి, మూత పెట్టి పై అరల పెట్టు. ఇడ్లీలు దిగంగనే ఆమెవి నాలుగు తీసి ఆమె డబ్బల వేయి. అప్పటిదాక పల్లీల డబ్బ మూత తీయొద్దు. ఆ తర్వాతనే పెద్దోళ్ల చట్నీ పట్టాలె. తప్పు జరిగేది ఎక్కువగ తినేటప్పుడు: నాయిన చట్నీ అంటిన చేత్తోనే హాట్‌బాక్స్‌ల ఇడ్లీ తీస్తడు, ఆ ఇడ్లీనే రెండోసారి బిడ్డకు పోతది. ఆమెవి ముందుగాల వేరే తీయమన్నది అందుకే. అయిపోయినంక గట్టును, మిక్సీని సబ్బునీళ్ల బట్టతోని తుడిచి, ఆ బట్టను ఉతుక్కు వేయి. చేతులు సబ్బుతోనే కడగాలె, శానిటైజర్ ప్రోటీన్‌ను తీయదు.

పుట్నాలు మాత్రం విడివిగ కొనొద్దు. కిరాణం దుకాణంల పల్లీల సంచిల ముంచిన గరిటెనే పుట్నాలల్ల ముంచుతరు. ప్యాకెట్‌వి కొని, వెనుక ‘పల్లీలు ఉండవచ్చు’ అని రాసుంటె పక్కకు పెట్టు. నూనె సంగతికొస్తే, గానుగ పల్లీ నూనెల ప్రోటీన్ మిగిలి ఉంటది, ఇల్లంతటికీ పొద్దుతిరుగుడు నూనె వాడు. పల్లీలు వేయించిన నూనెల బిడ్డకు అప్పడం గూడ కాల్చొద్దు.

వనపర్తి దిక్కు యాసంగి పల్లీలు ఇంటికొస్తయి గద, ఒలుచుడు, చాటల చెరుగుడు వాకిట్లనే కానియ్యి, బిడ్డను ఆ టైంల దూరం ఉంచు. వాసనతోని కాదు భయం, ఎగిరే పొట్టుతోని. పని అయినంక అమ్మ చీర మార్చుకొని, చేతులు కడుక్కొని ఆమెను ఎత్తుకోవాలె.

ఇంత చేసినా ఒక్కోసారి తగుల్తది. తిన్నంక ఒంటిమీద దద్దుర్లతోపాటు వాంతులో, గొంతు బొంగురుపోవుడో, ఆయాసమో కనిపిస్తె అలర్జీ గోలి వేసి చూసుకుంట కూసోవద్దు. డాక్టర్ రాసిచ్చిన అడ్రినలిన్ సూదిని తొడ బయటివైపు వేసి, పండుకోబెట్టి, 108కు ఫోన్ చేయాలె. ఆయాసముంటె కూసోబెట్టు, నడిపియ్యొద్దు. ఆ సూది మోతాదు బరువును బట్టి ఉంటది, బిడ్డ బరువు పెరిగినకొద్దీ డాక్టర్‌తోని మళ్ల రాయించు. దాన్ని ఎట్ల వేయాలెనో అమ్మకు గూడ ఆస్పత్రిలనే నేర్పియ్యమను, పగలంత బిడ్డతోని ఉండేది ఆమెనే గద.

పండుగకు మీ అక్క బయలుదేరక ముందే ఫోన్ చేసి, పల్లీ పట్టీలు తేవొద్దని చెప్పు.

నీ దోస్తు